కొత్త కోడలికి అత్తింటివాళ్లతో గొడవపడినట్టు కలలు: అవి ఏం చెబుతాయి, ఎలా తగ్గుతాయి

ప్రశ్న: "పెళ్లయి ఐదు నెలలు. అత్తగారింట్లో పగలు నన్ను ఎవరూ ఏమీ అనరు, బాగానే చూసుకుంటారు. కానీ వారంలో మూడు నాలుగు సార్లు తెల్లవారుజామున ఒకటే కల. అందరి ముందు నిలబెట్టి అత్తగారు ఏదో అడుగుతుంటారు, నాకు నోరు పెగలదు. ఏడుస్తూ లేస్తున్నాను. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. జరగబోయేది ముందే తెలుస్తోందా? లేక వాళ్లంటే నాకు లోపల ద్వేషం ఉందా? మా ఆయనకి చెప్పాలా?"

సమాధానం:

రెండూ కావమ్మా. ఆ కల జరగబోయేదాన్ని చెప్పడం లేదు, మీలో ద్వేషం ఉందనీ చెప్పడం లేదు. పగలంతా మీరు ఎవరో గమనిస్తున్నట్టే మసలుకుంటున్నారనీ, ఎక్కడో ఒకచోట నోటిదాకా వచ్చిన మాటను మింగేస్తున్నారనీ చెబుతోంది. ఆ 'ఎక్కడో ఒకచోట' ఏమిటో పట్టుకుంటే ఇలాంటి కలలు చాలామందిలో కొన్ని వారాల్లోనే పలచబడతాయి. మీ ఆయనకి చెప్పండి. అయితే కలను కలగా చెప్పకండి. అది దేని గురించో ముందు మీరు తెలుసుకుని, దాన్ని చెప్పండి. ఎందుకిలా అంటున్నానో కింద రాస్తాను. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. నిద్ర పట్టనివాళ్లు, పీడకలలతో లేచేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. వాళ్లలో కొత్తగా పెళ్లయిన ఆడవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ముందు ఆ తెల్లవారుజాము భయం తీర్చేస్తాను. మన నిద్ర రాత్రంతా ఒకేలా ఉండదు. సుమారు 90 నిమిషాలకొక చుట్టు చొప్పున నాలుగైదు చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో కనుగుడ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశ ఒకటి ఉంటుంది. దాన్నే రెమ్ నిద్ర అంటారు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే పరిశోధకులు దీన్ని గుర్తించారు. కథలా సాగే కలలు, ఏడుపూ భయమూ నిండిన కలలు ఎక్కువగా ఈ దశలోనే వస్తాయి. మొదటి చుట్టులో ఇది కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారే కొద్దీ పెరిగి అరగంట దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు సాగుతుంది. అంటే పెద్ద కలలు సహజంగానే తెల్లవారుజామున వస్తాయి. పైగా కల మధ్యలో మెలకువ వస్తేనే అది బాగా గుర్తుంటుంది. తెల్లవారుజాము కలకు మిగతా వాటికన్నా బలం ఎక్కువున్నట్టు అనిపించేది ఇందుకే.

కొత్త కోడలికి దీనికి తోడు ఇంకొకటి ఉంటుంది. 'ఆలస్యంగా లేస్తే ఏమనుకుంటారో' అన్న కంగారు. అలారం మోగకముందే రెండుసార్లు మెలకువ వచ్చి టైమ్ చూసుకునే అలవాటు మీకుందా? ఉంటే, మీ కలలు నిండుగా ఉన్న గంటలోనే మీరు నిద్రను ముక్కలు చేసుకుంటున్నారు. ప్రతి ముక్కతో పాటు ఒక కల చేతికి అంటుకుని వస్తుంది. కొత్తచోట నిద్ర ఎలాగూ పలచగానే ఉంటుంది. కొత్త ప్రదేశంలో మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని, చిన్న చప్పుళ్లకూ ఎక్కువగా స్పందిస్తుందని 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. అది మొదటి రాత్రి సంగతి. కానీ నేను చూసిన చాలామంది కొత్త కోడళ్లు నెలల తరబడి అవతలి గది తలుపు చప్పుడుకు ఒక చెవి తెరిచి ఉంచే పడుకుంటారు.

ఇక ద్వేషం సంగతి. రెమ్ నిద్రలో మెదడులో భయాన్ని, ఉద్వేగాన్ని పుట్టించే భాగాలు చురుగ్గా ఉంటాయి. 'ఆగు, ఈవిడ ఎప్పుడూ ఇలా మాట్లాడలేదే' అని తర్కించే ముందు భాగం మందగిస్తుంది. 1990లలో నిద్రపోతున్నవాళ్ల మెదడును స్కాన్ చేసినప్పుడు ఇది స్పష్టంగా కనబడింది. కాబట్టి కలలో మీ అత్తగారు అసలు మీ అత్తగారు కాదు. మీ భయం వేసుకున్న ముఖం అది. అలాగే, గొడవ కల రావడం కూడా వింత కాదు. 1960లలో హాల్, వాన్ డి కాసిల్ అనే ఇద్దరు పరిశోధకులు మామూలు కాలేజీ విద్యార్థుల కలలు వందల కొద్దీ సేకరించి లెక్కగట్టారు. ఏ జబ్బూ లేని ఆ పిల్లల కలల్లోనూ స్నేహం కన్నా తగాదా, సంతోషం కన్నా దిగులే ఎక్కువగా కనిపించాయి. ద్వేషించేవాళ్లే మన కలలో శత్రువులుగా వస్తారనేం లేదు. ఎవరి మెప్పు మనకు అవసరమో వాళ్లు ఇంకా తరచుగా వస్తారు. మీ విషయంలో నాకు తోచేదీ అదే. అత్తగారి మాటకు మీరు విలువ ఇస్తున్నారు కాబట్టే ఆవిడ కలలో జడ్జి కుర్చీలో కూర్చున్నారు.

పగలు ఎవరూ ఏమీ అనకపోయినా ఇలా ఎందుకు? మీ ప్రశ్నలో అసలు ముడి ఇదే. గొడవలు నిజంగా జరిగే ఇళ్లలో కన్నా ఎవరూ పైకేమీ అనని ఇళ్లలో ఈ 'నోరు పెగలని' కల ఎక్కువగా వినిపిస్తుంది నాకు. గొడవ జరిగితే ఏదో ఒకటి అనేస్తాం, ఏడుస్తాం, అలుగుతాం, అది ఎంతో కొంత అక్కడికి తేలిపోతుంది. ఎవరూ ఏమీ అనని ఇంట్లో మాత్రం మీరు రోజంతా ఊహిస్తూ ఉంటారు. ఇలా కూర్చుంటే ఏమనుకుంటారు, ఫోన్ ఎక్కువసేపు మాట్లాడితే ఏమనుకుంటారు, తలుపు వేసుకుంటే ఏమనుకుంటారు. జవాబు ఎవరూ చెప్పరు కాబట్టి ఆ ప్రశ్న రాత్రికీ తెగదు. కలలో మిమ్మల్ని అందరి ముందు నిలబెట్టి అడుగుతున్నారన్నారు కదా, పగలంతా మీరు మీ మీద మీరే నడుపుకుంటున్న విచారణ అది.

మింగేసిన మాట కలలో తిరిగొస్తుందనడానికి ఒక మంచి ప్రయోగం ఉంది. 2004లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు బృందం కాలేజీ విద్యార్థులను తమకు తెలిసిన ఒక వ్యక్తిని మనసులో పెట్టుకోమంది. పడుకునే ముందు ఐదు నిమిషాలు తోచింది రాయమంది. కొందరికి ఆ వ్యక్తిని గురించి ఆలోచించమని చెప్పారు, ఇంకొందరికి ఆ వ్యక్తిని అస్సలు తలుచుకోవద్దన్నారు. తలుచుకోవద్దని అదిమిపెట్టుకున్నవాళ్లకే ఆ వ్యక్తి కలలో ఎక్కువగా వచ్చారు. మీరు రోజూ పడుకునే ముందు 'ఛ, ఇదేం ఆలోచన, వాళ్లు మంచివాళ్లే కదా' అని తోసేస్తున్నారనుకోండి, తోసేసినవాళ్లే తెల్లవారుజామున వచ్చి కూర్చుంటారు. ఆలోచన చెడ్డదని కాదు, దానికి పగటిపూట పది నిమిషాల చోటు కూడా దొరకలేదని.

నోరు పెగలకపోవడానికి శరీరం వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. రెమ్ నిద్రలో కళ్లు, ఊపిరి తీసే కండరాలు తప్ప ఒంట్లో కండరాలన్నీ దాదాపు పూర్తిగా సడలిపోయి ఉంటాయి. కలలో పరిగెత్తలేకపోవడం, అరవలేకపోవడం కొంతవరకు దానివల్లే కావచ్చంటారు. కానీ అదొక్కటే కారణమైతే ప్రతి కలలోనూ గొంతు పోవాలి. స్నేహితులతో మాట్లాడే కలలో మీకు గొంతు బాగానే ఉంటుంది, గమనించండి. ఈ ఒక్క కలలోనే పోతోందంటే పగలు కూడా ఈ ఒక్కచోటే పోతోందా అని చూసుకోవాలి.

ఒక కేసు వివరంగా చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. ఉద్యోగం చేసే అమ్మాయి, పెళ్లయి ఏడెనిమిది నెలలు. ఆమె కల ఇది: హాల్లో అత్తింటివాళ్లంతా కూర్చుని ఉంటారు. అత్తగారు ఈమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, ఒక్కొక్క వస్తువూ బయటికి తీసి నేల మీద వరుసగా పెడుతూ 'ఇది ఎవరిని అడిగి తెచ్చావు? ఇది?' అంటుంటారు. దువ్వెన, రసీదులు, ఐడీ కార్డు. ఆడపడుచు వాటిని లెక్కపెడుతూ ఉంటుంది. భర్త అదే సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, తల ఎత్తడు. ఈమె నోరు తెరుస్తుంది, శబ్దం రాదు. అక్కడ మెలకువ.

ఆమె నా దగ్గరికొచ్చింది 'మా అత్తగారంటే నాకు భయం, ఆ భయం పోగొట్టండి' అని. నేను రెండు వారాలు మూడే మూడు విషయాలు రాసుకోమన్నాను: కల ఒక్క వాక్యంలో, లేచిన క్షణాన ఉన్న భావం ఒక్క మాటలో, ముందురోజు జవాబు మింగేసిన సందర్భం ఒకటి. వీలైతే వారం కిందటి రోజు కూడా ఒకసారి వెనక్కి చూసుకోమన్నాను. పగటి సంఘటన ఆ రాత్రికో మర్నాటికో కలలో కనిపించి, మళ్లీ ఐదారు రోజులకో వారానికో తిరిగి రావడం పరిశోధకులు చాలాసార్లు గమనించారు. 'నిన్న ఏమీ జరగలేదే' అనుకునేవాళ్లకి చాలాసార్లు జవాబు కిందటి వారంలో దొరుకుతుంది.

రాసుకున్నది చూస్తే రెండు సంగతులు బయటపడ్డాయి. అత్తగారు ఏదైనా తప్పు పట్టిన రోజులకూ కలకూ పొంతన లేదు. కల వచ్చింది జీతం పడిన వారంలో, పుట్టింటి నుంచి ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడిన రోజుల తర్వాత. ఆమె ప్రతి నెలా వాళ్లమ్మకి కొంత డబ్బు పంపేది. పెళ్లికి ముందే భర్తతో అనుకున్న విషయమే అది. అత్తగారు ఒకసారి మామూలుగా 'ఈ నెల అమ్మకి పంపావామ్మా?' అని అడిగారట. అందులో కోపం లేదు. కానీ ఈవిడకి ఎలా తెలిసింది, ఏమనుకుంటున్నారు, వద్దంటారా అన్న ప్రశ్నలు ఆ రోజు నుంచి లోపల తిరుగుతూనే ఉన్నాయి. బ్యాగు తెరిచి వస్తువులు లెక్కపెట్టే కల ఎక్కడిదో ఇక విడమరచి చెప్పక్కర్లేదు.

రెండోది నన్ను ఇంకా ఆపింది. లేచిన క్షణాన ఉన్న భావం దగ్గర ఆమె దాదాపు ప్రతిసారీ 'భయం' అని రాయలేదు. 'ఒంటరి' అని రాసింది. ఆ భావం కలలో ఎక్కడ మొదలవుతోందని అడిగితే, బ్యాగు తెరిచినప్పుడు కాదు, భర్త తల ఎత్తనప్పుడు అంది. అత్తగారు అడిగిన రోజు భర్త పక్కనే ఉన్నాడు. 'మేం అనుకున్నదే అమ్మా' అన్న ఒక్క మాట అతను అనలేదు. పెద్ద విషయంగా అతనికి తోచలేదు, అంతే. అత్తగారి కలగా వచ్చింది నిజానికి భర్త మౌనం గురించిన కల.

అందుకే నేను ఇలాంటి కల విన్నప్పుడల్లా ముందు అడిగేది ఒకటే: ఆ కలలో మీ ఆయన ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు? మీ ప్రశ్నలో ఆయన ఊసే లేదు. గదిలో ఉన్నారా? ఉంటే ఎటు చూస్తున్నారు? అసలు లేరా? ఈసారి కల వస్తే మొదట అది చూసుకోండి. ఇంకోటి కూడా చూడండి: అత్తగారి నోట వచ్చే మాటలు ఎవరివి? నా దగ్గరికొచ్చిన ఇంకొకామెకి కలలో అత్తగారు అచ్చం ఆమె కన్నతల్లి వాడే మాటలతో తిట్టేవారు. 'మా పరువు తీస్తావా' అన్న మాట అత్తగారి నోట ఆమె ఎన్నడూ వినలేదు, చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే. పెళ్లి తర్వాత మంచి పేరు తెచ్చుకుని తీరాలన్న ఒత్తిడి ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది, అత్తగారు దానికి ముఖం మాత్రమే ఇచ్చారు. ఆ ఇద్దరి మధ్య తేడా తెలియకపోతే ఏ తప్పూ లేని మనిషి మీద పగలు కూడా ముభావం మొదలవుతుంది.

మొదటి అమ్మాయికి ఏం చేశామో చెబుతాను, అది మీకూ పనికొస్తుంది. దీన్ని ఇమేజరీ రిహార్సల్ థెరపీ అంటారు. పీడకలలకు వాడే పద్ధతుల్లో బాగా పరీక్షకు నిలిచినది, అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం కూడా సిఫారసు చేస్తుంది. పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. పగటిపూట కలను రాసుకోవాలి. తర్వాత అందులో మీకిష్టమైన చోట ఒక మార్పు చేసి కొత్తగా రాయాలి. ఆ కొత్త కలను రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని, చూస్తున్నట్టుగా మనసులో నడిపించుకోవాలి. పాత కలను మళ్లీ మళ్లీ తలుచుకోకూడదు, కొత్తదే.

ఆమె మొదట రాసిన మార్పులో అత్తగారు ఏడుస్తూ క్షమాపణ అడుగుతారు. రెండు రోజులు ప్రయత్నించి 'ఇది నమ్మబుద్ధి కావడం లేదు మేడమ్, పైగా తర్వాత గుండె దడగా ఉంటోంది' అంది. మార్చుకోమన్నాను. రెండోసారి చాలా చిన్నది రాసింది. భర్త ఫోన్ పక్కన పెట్టి 'అమ్మా, అది తన బ్యాగు' అంటాడు. ఈమె వస్తువులు తీసి లోపల పెట్టుకుని జిప్పు వేస్తుంది. జిప్పు చప్పుడు వినిపిస్తుంది. అంతే. అత్తగారు కలలో అలాగే కూర్చుని ఉంటారు, ఎవరూ ఓడిపోరు. నా అనుభవంలో ఇలాంటి చిన్న, నమ్మదగిన మార్పే నిలుస్తుంది. కసి తీర్చుకునే మార్పు ఆ క్షణానికి బాగుంటుంది కానీ పడుకునే ముందు ఒంటిని మళ్లీ రేపుతుంది.

కల మారితే చాలదు, పగలు కూడా ఒకటి మారాలి. ఆమె భర్తతో మాట్లాడింది. ఏం మాట్లాడాలో ముందే రాసుకుంది. 'మీ అమ్మ నా కలలోకి వచ్చి సతాయిస్తున్నారు' అనలేదు. అలా అంటే అతనికి వినిపించేది తల్లి మీద ఫిర్యాదు ఒక్కటే, ఆ తర్వాత తను తల్లి తరఫున మాట్లాడటం మొదలుపెడతాడు. ఆమె అన్నది ఇది: 'అమ్మకి డబ్బు పంపే సంగతి మనిద్దరం అనుకున్నాం. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు నువ్వు మాట్లాడకపోతే నేను దొంగతనం చేస్తున్నట్టు అనిపిస్తోంది. ఈసారి ఆ మాట వస్తే మేమిద్దరం అనుకున్నదేనని నువ్వు చెబుతావా?' అతను సరేనన్నాడు. తర్వాతి నెల చెప్పాడు కూడా. అత్తగారు 'నేనేమన్నాను, ఊరికే అడిగాను' అన్నారట, నిజంగానే ఊరికే అడిగి ఉంటారు. బాల్కనీలోకి వెళ్లి గుసగుసగా మాట్లాడటం ఆగింది. కల మూడు నాలుగు వారాల్లో బాగా తగ్గింది. తర్వాత ఒకసారి బంధువులంతా ఇంట్లో ఉన్న రోజుల్లో తిరిగొచ్చింది, కానీ ఆ కలలో ఆమెకు గొంతు ఉంది.

మీరు మొదలుపెట్టాలనుకుంటే కొన్ని ఆచరణ సంగతులు. మెలకువ రాగానే ఫోన్ తీయకండి. కదలకుండా అలాగే పడుకుని చివరి దృశ్యాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లండి, ఒక్కసారి లేచి నాలుగు అడుగులు వేస్తే సగం కల పోతుంది. ఎక్కడ రాసుకుంటారన్నది చాలా ముఖ్యం. పదిమంది తిరిగే ఇంట్లో కలల నోటుబుక్కు ఎవరి కంటైనా పడవచ్చన్న భయమే ఇంకో ఒత్తిడి అవుతుంది. లాక్ ఉన్న ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకున్నా సరిపోతుంది. పేర్లు రాయక్కర్లేదు. కొత్తగా రాసుకోవడానికి అన్నిటికన్నా భయంకరమైన కలను మొదట ఎంచుకోకండి, మధ్యరకంది తీసుకోండి.

ఏడుస్తూ లేచినప్పుడు ఆ గొడవకి జవాబులు వెతుకుతూ మంచం మీద దొర్లకండి. దీపం కొద్దిగా వేసుకుని, పాదాలు నేలకి ఆనించి కూర్చుని, గదిలో ఉన్న వస్తువులు ఒక్కొక్కటి చూడండి. ఒంటికి 'ఇక్కడ ఎవరూ అడగడం లేదు' అని తెలియడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. నిద్ర పట్టకపోతే లేచి వేరే గదికి వెళ్లమని పుస్తకాల్లో ఉంటుంది. కానీ కొత్త ఇంట్లో ఆ వేళప్పుడు హాల్లో కూర్చుంటే 'ఏమైంది' అని నలుగురు అడుగుతారు. మీ గదిలోనే కుర్చీలో కూర్చోండి, అదే చాలు. మీ ఆయనతో మాట్లాడటానికి కూడా ఆ సమయం మంచిది కాదు. సగం నిద్రలో ఉన్న మనిషి, ఏడుస్తున్న మనిషి, మధ్యలో అమ్మ పేరు. సాయంత్రం ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు మాట్లాడండి, కల సంగతి చివర్లో చెప్పినా చాలు. అత్తగారికి మాత్రం ఈ కల చెప్పకండి. మీకెంత దగ్గరైనా, తను కలలో రాక్షసిలా కనిపించానన్నది మనిషి మర్చిపోలేని మాట.

ఇప్పటిదాకా చెప్పినదంతా మీరు రాసినట్టు ఇంట్లో నిజంగా ఎవరూ మిమ్మల్ని బాధపెట్టడం లేదన్న నమ్మకం మీద చెప్పింది. కల పగటిని పెంచి చూపిస్తోందా, లేక పగటినే తిరిగి చూపిస్తోందా? ఈ ప్రశ్న మీకు మీరే నిజాయితీగా వేసుకోండి. కొట్టడం, బెదిరించడం, డబ్బు కోసం వేధించడం, ఫోన్ లాక్కోవడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, ఇవి పగలు జరుగుతుంటే సమస్య కల కాదు. అలాంటి చోట కలను మార్చుకుని సర్దుకుపోవడం నేర్పడం తప్పు. మీరు నమ్మే మనిషికి చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. జరిగిన సంఘటనే ఉన్నదున్నట్టు కలలో రావడం, పగలు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఒక గది వైపు వెళ్లాలంటేనే ఒళ్లు వణకడం ఉంటే, అది దెబ్బతిన్న మనసు లక్షణం. దానికి ఇంట్లో సొంతంగా చేసుకునే అభ్యాసం చాలదు, థెరపిస్టు పక్కన ఉండాలి.

మందుల సంగతి కూడా ఒకసారి చూసుకోండి. బీపీకి, గుండె దడకి ఇచ్చే కొన్ని బీటా బ్లాకర్లు, డిప్రెషన్‌కి వాడే మందులు, ముఖ్యంగా వాటిని ఉన్నట్టుండి ఆపేయడం, కలలను బాగా తీవ్రం చేస్తాయి. ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి, వేసిన డాక్టరునే అడగండి. గర్భం వచ్చినప్పుడు కూడా నిద్ర పదేపదే తెగుతుంది కాబట్టి కలలు ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయి. నెల తప్పి ఉంటే అది కూడా కారణాల్లో ఒకటి కావచ్చు. పీడకలలు పదేపదే వచ్చేవాళ్లలో చనిపోవాలన్న ఆలోచనలు కూడా ఎక్కువగా కనిపిస్తాయి. అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా రేపటికి వాయిదా వేయకుండా ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇవేవీ లేకపోతే, తగ్గుతోందని ఎలా తెలుస్తుందో చెబుతాను. కల ఉన్నట్టుండి మాయమైపోదు. ముందు ఏడుపు లేకుండా లేస్తారు. తర్వాత కలలోనే ఏదో ఒకటి కదులుతుంది: గొంతు వస్తుంది, లేదా మీరు ఆ గదిలోంచి బయటికి నడుస్తారు, లేదా అడిగే మనిషి మారిపోతారు. ఆ తర్వాతే రావడం తగ్గుతుంది. వారానికి మూడు నాలుగు సార్లు వచ్చేది వారానికి ఒకసారికి వస్తే పద్ధతి పనిచేస్తున్నట్టే, కొనసాగించండి. నెల, నెలన్నర రోజూ చేసినా ఇందులో ఏ కదలికా లేకపోయినా, నిద్ర చాలక పగలు పని చేసుకోలేకపోతున్నా, పడుకోవాలంటేనే భయం పట్టుకున్నా, పీడకలలకు చికిత్స చేసే సైకాలజిస్టునో నిద్ర వైద్యుణ్నో కలవండి. అప్పటిదాకా రాసుకున్నది వెంట తీసుకెళ్లండి. మొదటిరోజే వాళ్లు అడిగే సగం ప్రశ్నలకి జవాబులు అందులో ఉంటాయి.